జ్వరం నుంచి లేచాక గ్రాఫ్ అసైన్‌మెంట్‌కి రెండు రోజుల గడువు అడుగుతూ లెక్చరర్‌కి లెటర్ ఎలా రాయాలి

మూడు నాలుగు రోజులు జ్వరంతో మంచం దిగలేదు, లేచి చూస్తే డేటా స్ట్రక్చర్స్ గ్రాఫ్ అసైన్‌మెంట్ రేపే సబ్మిట్ చేయాలి, సగం కోడ్ కూడా కాలేదు. ఇలాంటప్పుడు చాలామంది ఫోన్ తీసి "మేడమ్ హెల్త్ బాలేదు, కొంచెం టైమ్ ఇవ్వండి ప్లీజ్" అని రెండు ముక్కలు కొట్టి పంపేస్తారు. అందులో అబద్ధం లేదు, అమర్యాద కూడా లేదు, కానీ చదివినావిడకి ఏం జవాబివ్వాలో తెలీదు. కొంచెం అంటే ఎంత, ఎంత పని అయింది, అసలు మొదలుపెట్టారా లేదా, ఇవన్నీ ఆవిడ తిరిగి అడగాలి, మీరు చెప్పాలి, ఈలోపు డెడ్‌లైన్ దాటిపోతుంది. లెటర్ ఎలా ఉండాలంటే ఆవిడ ఒక్కసారి చదివి "సరే, ఆదివారం దాకా తీసుకో" అని ఒక్క లైన్లో తేల్చేయగలగాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

ఒక కేసు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా అదే చూద్దాం. అసైన్‌మెంట్‌లో నాలుగు ప్రశ్నలు: ఒకటి గ్రాఫ్‌ని అడ్జసెన్సీ లిస్ట్‌గా కట్టడం, రెండు బీఎఫ్ఎస్ డీఎఫ్ఎస్, మూడు డైక్‌స్ట్రా, నాలుగు క్రుస్కల్‌తో మినిమమ్ స్పానింగ్ ట్రీ, వీటిమీద రెండు పేజీల రిపోర్ట్. డెడ్‌లైన్ శుక్రవారం సాయంత్రం 5 గంటలు. స్టూడెంట్‌కి ఆదివారం రాత్రి జ్వరం మొదలైంది, బుధవారం సాయంత్రానికి తగ్గింది. ఇప్పుడు గురువారం ఉదయం.

లెటర్ కంటే ముందు రూల్స్ తెరవండి

కోర్సు మొదట్లో ఇచ్చిన అవుట్‌లైన్‌లో లేట్ సబ్మిషన్ గురించి ఏముందో చూడండి. కొన్ని చోట్ల రోజుకి ఇన్ని మార్కులు కట్ అని ఉంటుంది, కొన్ని చోట్ల అనారోగ్యానికి వేరే ఫామ్ ఉంటుంది, కొన్ని చోట్ల లెక్చరర్ చేతిలో అసలు ఏమీ ఉండదు, డిపార్ట్‌మెంట్ ఆఫీసుకే రాయాలి. అది చూడకుండా లెటర్ పంపితే "అవుట్‌లైన్ చూడు" అనే జవాబొస్తుంది, ఒక పూట పోతుంది.

ఇంకోటి చూడాలి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆ అసైన్‌మెంట్ సొల్యూషన్స్ క్లాసులో ఎప్పుడు చెప్తారు? మన కేసులో మంగళవారం క్లాసులో చెప్తారు అనుకోండి. ఒకసారి బోర్డు మీద డైక్‌స్ట్రా మొత్తం రాసి చూపించాక మీరు బుధవారం సబ్మిట్ చేస్తే ఆ కోడ్ మీదేనని లెక్చరర్ ఎలా నమ్మాలి, నమ్మినా మిగతా క్లాసుకి అన్యాయం కదా. అంటే మీరు అడగగలిగే గడువుకి గోడ మంగళవారం క్లాసు. దానికి కాస్త ముందే ఆగిపోవాలి, ఎందుకంటే పేపర్లు దిద్దడం కూడా అప్పుడే మొదలవుతుంది. వారం టైమ్ అడిగితే కాదంటారు కానీ రెండు రోజులు అడిగితే ఇస్తారు అనడానికి చాలాసార్లు కారణం ఇదే, మీ మీద నమ్మకం లేక కాదు.

ఒక అరగంట కోడ్ ముందు కూర్చోండి

జ్వరం తగ్గిన నీరసంలో ఇది చేయబుద్ధి కాదు, నాకు తెలుసు, కానీ లెటర్‌కి బలం ఇక్కడినుంచే వస్తుంది. ఫైల్ తెరిచి ప్రశ్న ప్రశ్నకీ నడిపి చూడండి, ఏది పూర్తయింది, ఏది నడుస్తోంది కానీ తప్పు ఆన్సర్ ఇస్తోంది, ఏది మొదలే పెట్టలేదు అని మూడు కుప్పలు చేయండి.

మన కేసులో మొదటి రెండు ప్రశ్నలు అయిపోయాయి, జ్వరం రాకముందే టెస్ట్ చేసి పెట్టుకున్నవి. మూడోది రాశారు కానీ ఆన్సర్ తేడా వస్తోంది. ఎక్కడ తేడా అన్నది చిన్న గ్రాఫ్‌తో పట్టుకోవచ్చు. మూడు నోడ్‌లు తీసుకోండి, ఎ నుంచి బికి బరువు 4, ఎ నుంచి సికి 1, సి నుంచి బికి 2. ఎ నుంచి బికి నేరుగా వెళ్తే 4, సి మీదుగా వెళ్తే 3, కాబట్టి ఆన్సర్ 3 రావాలి. ప్రోగ్రామ్ 4 ఇస్తోంది. ఇది చాలామంది చేసే పొరపాటే: నోడ్‌ని ప్రయారిటీ క్యూలో వేసేటప్పుడే విజిటెడ్ అని మార్క్ చేసేస్తారు. బి 4తో క్యూలోకి వెళ్లగానే విజిటెడ్ అయిపోయింది, తర్వాత సి బయటికి వచ్చి బికి 3లో దారి ఉందని చెప్పబోతే కోడ్ వినదు, విజిటెడే కదా అని దాటేస్తుంది. బీఎఫ్ఎస్‌లో క్యూలో వేసేటప్పుడు మార్క్ చేయడమే కరెక్ట్, ఆ అలవాటే ఇక్కడికి వచ్చేసింది. డైక్‌స్ట్రాలో మాత్రం నోడ్ క్యూలోంచి బయటికి వచ్చినప్పుడే దాని దూరం ఖాయం అవుతుంది, మార్క్ అప్పుడే చేయాలి.

తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టి ఇది సరిచేసి, ఇంకొన్ని గ్రాఫ్‌లమీద, దారే లేని నోడ్ ఉన్న గ్రాఫ్‌తో సహా, టెస్ట్ చేయడానికి రెండు గంటలు. తప్పు ఎక్కడుందో తెలీకపోతే రెండు గంటలు అని రాయకూడదు, నాలుగు వేసుకోవాలి, ఎందుకంటే వెతకడానికి పట్టే టైమ్ ముందే చెప్పలేం.

నాలుగోది మొదలే కాలేదు. ఎడ్జ్‌లని బరువు ప్రకారం సార్ట్ చేయడం తేలిక, సైకిల్ వస్తోందో లేదో చూడటానికి యూనియన్ ఫైండ్ రాయడం దగ్గరే టైమ్ పడుతుంది, మొదటిసారి రాస్తుంటే టెస్టింగ్‌తో కలిపి నాలుగు గంటలు. రిపోర్ట్‌కి మూడు. మొత్తం తొమ్మిది గంటల పని మిగిలింది.

ఎన్ని రోజులు అడగాలో లెక్క కట్టండి

తొమ్మిది గంటలే కదా ఒక్క రోజులో అయిపోతుంది అనుకోవద్దు. మామూలు రోజుల్లో అయితే నిజమే. జ్వరం తగ్గిన మర్నాడు స్క్రీన్ ముందు గంట కూర్చుంటే తల పట్టేస్తుంది, మిగతా క్లాసులు కూడా ఉంటాయి, రోజుకి మూడు గంటలు వేసుకుంటే అది నిలబడే లెక్క. గురువారం మూడు, శుక్రవారం మూడు, శనివారం మూడు, తొమ్మిది అయిపోయాయి. దానిమీద ఒక రోజు చేతిలో ఉంచుకుంటే ఆదివారం. అంటే శుక్రవారం సాయంత్రం 5 బదులు ఆదివారం సాయంత్రం 5 అడగాలి, సరిగ్గా రెండు రోజులు, మంగళవారం క్లాసుకి చాలా ముందే.

ఆ చేతిలో ఉంచుకున్న రోజు వదిలేయకండి. శనివారం దాకే అడిగి, శనివారం మళ్లీ నీరసంగా ఉంటే రెండోసారి అడగాల్సి వస్తుంది, రెండోసారి అడగడం మొదటిసారి అడిగినదానికంటే చాలా కష్టం, మొదటి లెటర్ మీద ఉన్న నమ్మకం కూడా దాంతో పోతుంది. అలాగని నాలుగు రోజులు అడిగి ముందే ఇచ్చేద్దాంలే అనుకోవడమూ మంచిది కాదు, లెక్క చూపిస్తున్నప్పుడు లెక్క కుదరాలి.

ఇప్పుడు లెటర్

సబ్జెక్ట్ లైన్‌లోనే కోర్సు పేరు, ఏ అసైన్‌మెంట్, ఏం కావాలి అన్నీ ఉండాలి. "రిక్వెస్ట్" అని మాత్రమే పెడితే ఆవిడ ఇన్‌బాక్స్‌లో అలాంటివి ఇంకో పది ఉంటాయి. మొదటి వాక్యంలోనే అడిగేది అడిగేయాలి, జ్వరం కథ తర్వాత. మనకి అలవాటు ఏంటంటే ముందు కష్టమంతా చెప్పుకుని చివర్లో అసలు విషయానికి రావడం, ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు అది మర్యాదగానే ఉంటుంది, మెయిల్‌లో మాత్రం చదివేవాళ్లు కిందకి వెతుక్కోవాల్సి వస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను:

> సబ్జెక్ట్: డేటా స్ట్రక్చర్స్, గ్రాఫ్ అసైన్‌మెంట్: ఆదివారం సాయంత్రం 5 వరకు గడువు కోరుతూ
>
> గౌరవనీయులైన మేడమ్ గారికి,
>
> నమస్కారం. నేను మీ డేటా స్ట్రక్చర్స్ క్లాసు, బి సెక్షన్ స్టూడెంట్‌ని. శుక్రవారం సాయంత్రం 5కి ఇవ్వాల్సిన గ్రాఫ్ అసైన్‌మెంట్‌ని ఆదివారం సాయంత్రం 5కి సబ్మిట్ చేయడానికి అనుమతి ఇవ్వగలరా అని అడగడానికి రాస్తున్నాను.
>
> ఆదివారం రాత్రి నుంచి బుధవారం సాయంత్రం వరకు జ్వరంగా ఉండటంతో ఈ మూడు రోజులూ పని చేయలేకపోయాను. ఇప్పుడు తగ్గింది, ఈరోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది, అవసరమైతే పంపిస్తాను.
>
> 1, 2 ప్రశ్నలు పూర్తయ్యాయి. 3వ ప్రశ్నలో డైక్‌స్ట్రా రాశాను కానీ నోడ్‌ని క్యూలో వేసేటప్పుడే విజిటెడ్‌గా మార్క్ చేయడం వల్ల కొన్ని గ్రాఫ్‌లకి తప్పు దూరం వస్తోంది, దాన్ని సరిచేస్తున్నాను. 4వ ప్రశ్న, రిపోర్ట్ ఇంకా చేయాలి. వీటికి రోజుకి మూడు గంటల చొప్పున శనివారం వరకు పడుతుందని అంచనా, ఆదివారం చివరిసారి టెస్ట్ చేసి సబ్మిట్ చేస్తాను.
>
> మంగళవారం క్లాసులో సొల్యూషన్స్ చెప్తారని అన్నారు కాబట్టి దానికి ముందే ఇచ్చేలా ఈ గడువు అడుగుతున్నాను. ఇప్పటివరకు అయిన కోడ్ జత చేశాను. ఆదివారం వరకు కుదరకపోతే శనివారం వరకు ఇచ్చినా ప్రయత్నిస్తాను.
>
> కృతజ్ఞతలతో,
> (పేరు, రోల్ నంబర్, సెక్షన్)

ఇందులో మూడో పేరా చూడండి. "చాలావరకు అయిపోయింది మేడమ్" అని ఎవరైనా రాయొచ్చు. క్యూలో వేసేటప్పుడు మార్క్ చేశాను, అందుకే తప్పొస్తోంది అని రాయాలంటే ఆ కోడ్‌తో కుస్తీ పట్టి ఉండాలి. లెక్చరర్‌కి అది ఒక్క చూపులో అర్థమవుతుంది, ఈ స్టూడెంట్ ఆఖరి నిమిషంలో నిద్రలేచిన రకం కాదని. అలాగని మూడు నోడ్‌ల ఉదాహరణ, కోడ్ ముక్కలు అన్నీ లెటర్‌లో పెట్టొద్దు, అలా చేస్తే గడువు అడుగుతున్నారో డౌట్ అడుగుతున్నారో తెలీదు. ఒక్క వాక్యం చాలు.

చివర్లో శనివారం మాట ఎందుకంటే ఆవిడకి సరే, కాదు అనే రెండు దారులే కాకుండా మధ్యలో ఇంకోటి ఉంటుంది. అయితే శనివారానికి నిజంగా ఇవ్వగలిగితేనే అది రాయండి, మర్యాద కోసం రాసి ఇరుక్కోవద్దు.

రాయకూడనివి

జ్వరం ఎంత డిగ్రీలు, ఎన్నిసార్లు వాంతులయ్యాయి, ఏ మాత్రలు వేసుకున్నారు, ఇవేవీ అక్కర్లేదు. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు పని చేయలేకపోయారు అన్నదే లెక్చరర్‌కి కావాల్సింది. మెడికల్ రిపోర్ట్ అడగకముందే జత చేయకండి, అందులో మీ సొంత వివరాలు చాలా ఉంటాయి, ఉంది పంపిస్తాను అంటే చాలు. రూల్స్‌లో తప్పనిసరి అని ఉంటే అది వేరే సంగతి. డాక్టర్ దగ్గరికి వెళ్లకపోతే చీటీ ఉందని రాయొద్దు, ఆ వాక్యం తీసేయండి, ఇంట్లోనే ఉండి తగ్గించుకున్నాను అని ఉన్నదున్నట్టు రాయండి.

జ్వరంతో పాటు లాప్‌టాప్ పాడైంది, నెట్ లేదు, ఇంట్లో పెళ్లి కూడా ఉంది అని కారణాల మీద కారణాలు పేర్చొద్దు. ఒక్క నిజమైన కారణం ఉన్నప్పుడు అదే నిలబడుతుంది, పక్కన ఇంకో మూడు పెట్టగానే మొదటిది కూడా సాకులాగే కనిపిస్తుంది. ఫలానా వాళ్లకి పోయినసారి ఇచ్చారు కదా అనే మాట అస్సలు వద్దు. "నేను ఎవరి కోడూ చూడలేదు" అని కూడా రాయకండి, ఎవరూ అడగని దానికి సంజాయిషీ ఇస్తే లేని అనుమానం పుడుతుంది. రాయకపోవడం సరే, నిజంగా చూడకుండా ఉండటం మాత్రం ముఖ్యం, ఎందుకంటే శుక్రవారం తర్వాత క్లాసులో అందరి దగ్గరా పూర్తయిన క్రుస్కల్ ఉంటుంది, గ్రూపులో అడిగితే క్షణంలో వస్తుంది. కోడ్ పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లు వేరియబుల్ పేర్లు మార్చినంత మాత్రాన మోసపోవు, కోడ్ కట్టిన తీరునే పోల్చి చూస్తాయి.

పంపడం, పోర్టల్ సంగతి

లెక్చరర్ మామూలుగా జవాబిచ్చేది కాలేజీ మెయిల్‌లో అయితే అక్కడికే పంపండి, మీ కాలేజీ మెయిల్ నుంచే. వాట్సాప్‌లో "మేడమ్ మెయిల్ చూడండి" అని ఒక్కసారి చెప్పే చనువుంటే చెప్పొచ్చు, లెటర్ మొత్తం అక్కడ పేస్ట్ చేస్తే తర్వాత వెతికితే దొరకదు. టైమ్ విషయానికొస్తే కూర్చుని టైప్ చేయగలిగిన మొదటి పూటే పంపండి. గురువారం ఉదయం వచ్చిన లెటర్‌కీ శుక్రవారం 4:50కి వచ్చిన లెటర్‌కీ, లోపల అవే మాటలున్నా, తేడా చాలా ఉంటుంది.

అయిన కోడ్‌ని ఒక ఫైల్‌గా జత చేయండి, పేరు చూడగానే తెలిసేలా, ఉదాహరణకి `graph_assignment_q1_q2.zip` లాగా.

ఇక పోర్టల్. ఆవిడ మెయిల్‌లో సరే అన్నారు కదా అని ఊరుకుంటే ఆదివారం అప్‌లోడ్ బటనే కనిపించకపోవచ్చు. మూడిల్ వాడే కాలేజీల్లో అసైన్‌మెంట్‌కి రెండు తేదీలు పెట్టొచ్చు, `Due date` అని ఒకటి, `Cut-off date` అని ఒకటి. మొదటిది దాటితే సబ్మిషన్ తీసుకుంటుంది కానీ లేట్ అని చూపిస్తుంది, రెండోది దాటితే అసలు తీసుకోదు. ఒక్క స్టూడెంట్‌కి మాత్రమే గడువు పెంచాలంటే లెక్చరర్ `Grant extension` అనే ఆప్షన్‌తో మీ పేరు మీద తేదీ మార్చాలి. అందుకని సరే అని జవాబు రాగానే థాంక్స్ చెప్తూ "పోర్టల్‌లో నాకు ఇంకా శుక్రవారం అనే చూపిస్తోంది మేడమ్, అక్కడే సబ్మిట్ చేయాలా, మెయిల్ చేయాలా" అని అప్పుడే అడిగేయండి. ఆదివారం సాయంత్రం 4:55కి ఇది బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు.

జవాబు ఎలా వచ్చినా

సరే అంటే పైన చెప్పిందే. సరే కానీ మార్కులు కట్ అంటే, ఎన్ని కట్ అవుతాయో, శుక్రవారానికి కాకుండా మిగిలిపోయే నాలుగో ప్రశ్నకీ రిపోర్ట్‌కీ కలిపి ఎన్ని మార్కులో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కట్ అయ్యేవి ఎక్కువైతే ఉన్నదాన్ని శుక్రవారమే ఇచ్చేయడం లాభం.

ఒక్క రోజే ఇస్తాను, శనివారం సాయంత్రం 5 అంటే పనిని కుదించాలి. ముందు డైక్‌స్ట్రా తప్పు సరిచేయండి, తప్పు తెలిసిపోయింది కాబట్టి తక్కువ టైమ్‌లో ఎక్కువ మార్కులు అక్కడే ఉన్నాయి. క్రుస్కల్‌కి యూనియన్ ఫైండ్ తప్పనిసరి అని ప్రశ్నలో లేకపోతే, ప్రతి నోడ్‌కీ అది ఏ గుంపులో ఉందో చెప్పే నంబర్ ఒకటి ఇచ్చి, ఎడ్జ్ కలిపినప్పుడు ఒక గుంపు నంబర్లన్నీ రెండో గుంపు నంబర్‌కి మార్చేయండి, రెండు చివర్లకీ ఒకటే నంబర్ ఉంటే సైకిల్ అని ఆ ఎడ్జ్ వదిలేయండి. ఇది నెమ్మదే, పెద్ద గ్రాఫ్‌లకి పనికిరాదు, కానీ ఆన్సర్ కరెక్ట్‌గా వస్తుంది, గంటలో రాసేయొచ్చు. నెమ్మది ఎందుకో రిపోర్ట్‌లో రెండు వాక్యాలు రాస్తే అది అర్థమయ్యే రాశారని కూడా తెలుస్తుంది.

కాదు అంటే వాదించకండి, "సరే మేడమ్, ఉన్నదాన్ని శుక్రవారం ఇస్తాను" అని రాసి ఇచ్చేయండి. మూడో ప్రశ్న తప్పు అప్పటికీ సరికాకపోతే ఏ గ్రాఫ్‌కి తప్పొస్తోందో, ఎందుకొస్తోందో కోడ్ పైన కామెంట్‌లో రాయండి. తప్పుని దాచిన కోడ్ కంటే తప్పు ఎక్కడో చెప్పిన కోడ్‌కి సగం మార్కులైనా వేయడం దిద్దేవాళ్లకి తేలిక.

జవాబే రాకపోతే శుక్రవారం ఉదయం ఒక్కసారి, అదే మెయిల్‌కి రిప్లైగా, ఒక్క లైన్ రాయండి. సాయంత్రం 5 లోపు అయినంతవరకు పోర్టల్‌లో పెట్టేయండి, మౌనాన్ని సరే అని అనుకోవద్దు. అయితే పెట్టే ముందు ఒకటి చూసుకోండి, సబ్మిట్ చేసిన ఫైల్‌ని మళ్లీ మార్చుకునే వీలుందా లేదా అని, కొన్ని చోట్ల ఫైనల్ సబ్మిట్ నొక్కితే తలుపు మూసుకుపోతుంది. అలా ఉంటే డ్రాఫ్ట్‌గా పెట్టి 4:30 దాకా జవాబు కోసం చూసి, రాకపోతే అప్పుడు ఫైనల్ నొక్కండి, నొక్కాక "3, 4 ప్రశ్నలు పూర్తి కాలేదు, మీరు అనుమతిస్తే ఆదివారం పూర్తి ఫైల్ ఇస్తాను" అని మెయిల్‌లో ఒక మాట పెట్టండి.